క్లిక్కుకి ఆరు రూపాయలు సరే, కస్టమర్‌కి ఎంత పడింది?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. విశాఖపట్నం గాజువాకలో ఉంటాం. మావారు ఉద్యోగం చేస్తారు, ఇద్దరు పిల్లలు. మూడేళ్ల నుంచి ఏటికొప్పాక వెళ్లి లక్క బొమ్మలు చేసేవాళ్ల దగ్గరే కొనుక్కొచ్చి అమ్ముతున్నాను. మొదట్లో వాట్సాప్ గ్రూపుల్లో అమ్మేదాన్ని, ఇప్పుడు సొంత వెబ్‌సైట్ ఉంది. ఈ ఏడాది చీటీ పాడిన లక్ష రూపాయలు ఇందులో పెట్టాను. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ మా తమ్ముడు చూసుకుంటాడు, నా దగ్గర పైసా తీసుకోడు. జులైలో యాడ్స్‌కి 30,000 ఖర్చయింది, 75 ఆర్డర్లు వచ్చాయి. "ఒక్కో కస్టమర్‌కి 240 రూపాయలే పడుతోంది అక్కా, దసరాకి బడ్జెట్ డబుల్ చేద్దాం" అంటాడు తమ్ముడు. మావారేమో బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టి, "పోయింది 35,400, ఇళ్లకు చేరిన పార్సిళ్లు 60, మనిషికి 590 పడింది, వెంటనే ఆపేయ్" అంటారు. రోజూ రాత్రి భోజనాల దగ్గర ఇదే గొడవ. పోయిన ఆదివారం తమ్ముడు అన్నం మధ్యలో లేచి వెళ్లిపోయాడు. సగటు ఆర్డరు జీఎస్టీ కాక 1,200. అందులో బొమ్మలకు 540, ప్యాకింగ్‌కి 60, కొరియర్‌కి 110, పేమెంట్ గేట్‌వే, క్యాష్ ఆన్ డెలివరీ ఛార్జీలకు సగటున 30 పోతాయి. నాకు జీఎస్టీ నంబరు ఉంది. ఆర్డర్ల షీటు, యాడ్స్ స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను. ఎవరి లెక్క కరెక్టో చెప్పండి.
– పేరు రాయని పాఠకురాలు, గాజువాక

జవాబు: మీరు పంపిన షీటూ, స్క్రీన్‌షాట్లూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. అంత ఓపిగ్గా ఫోన్ నంబర్లతో సహా ప్రతి ఆర్డరూ రాసిపెట్టుకున్నారు కాబట్టే ఈ గొడవకి జవాబు దొరుకుతుంది. కావాల్సిన లెక్కంతా మీ చేతిరాతలోనే ఉంది.

ముందు మీ తమ్ముడి 240 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. అతను వాడిన సూత్రం సరైనదే. వంద మంది క్లిక్ చేస్తే ఇద్దరో ముగ్గురో కొంటారు. ఒక క్లిక్కు ధరని ఆ కొనే శాతంతో భాగిస్తే ఒక ఆర్డరు రావడానికి ఎంత ఖర్చయిందో తెలుస్తుంది. క్లిక్కుకి 6 రూపాయలు, వందకి రెండున్నర మంది కొంటున్నారు, అంటే 6ని 0.025తో భాగించాలి, 240 వచ్చింది. కూడికలూ భాగహారాలూ ఎక్కడా తప్పు లేదు. కానీ అదే జులైకి 30,000ని నేరుగా 75తో భాగించి చూడండి. 400 వస్తుంది. ఒకే నెల, ఒకే డబ్బు, ఒకే ఆర్డర్లు. రెండు దారుల్లో వెళ్తే ఒకే జవాబు రావాలి కదా. రాలేదంటే దారిలో ఎక్కడో రెండు వేర్వేరు సంఖ్యలు కలిసిపోయాయన్నమాట.

మీ స్క్రీన్‌షాట్‌లో రెండు వరసలు ఉన్నాయి చూడండి. Clicks (all) దగ్గర 5,000 ఉంది. Link clicks దగ్గర 3,000 ఉంది. మొదటి దాంట్లో యాడ్ మీద ఎక్కడ వేలు పెట్టినా లెక్కే. లైక్ కొట్టినా, మీ పేజీ పేరు నొక్కినా, రాసింది మొత్తం చదవడానికి తెరిచినా అందులోకి వస్తుంది. రెండో దాంట్లో వెబ్‌సైట్‌కి తీసుకెళ్లే లింకు నొక్కినవాళ్లే ఉంటారు. 6 రూపాయలన్నది మొదటి వరసది, 30,000ని 5,000తో భాగిస్తే వచ్చింది. రెండున్నర శాతం అన్నది రెండో వరసది, 3,000 మందిలో 75 మంది. లింకు నొక్కినవాళ్లనే తీసుకుంటే క్లిక్కు ధర 10 రూపాయలు. 10ని 0.025తో భాగిస్తే 400. అందరినీ తీసుకుంటే కొనే శాతం ఒకటిన్నర, 6ని 0.015తో భాగిస్తే మళ్లీ 400. ఏ క్లిక్కు తీసుకున్నా పర్లేదు, ధరకీ శాతానికీ అదే క్లిక్కు వాడాలి. చవకైన క్లిక్కునీ ఎక్కువగా ఉన్న శాతాన్నీ జత చేస్తే లేని లాభం కనబడుతుంది. ఇది యాడ్స్ కొత్తగా చూసుకునేవాళ్లలో తరచూ జరిగేదే. మీ తమ్ముడు మిమ్మల్ని మభ్యపెట్టాడని మాత్రం అనుకోవద్దు. ఆ స్క్రీన్ మీద వరసల పేర్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, పక్కపక్కనే ఉంటాయి.

ఇక మీవారి 590. ఆయన చూసినది బ్యాంకు, అక్కడ 35,400 పోయిన మాట నిజం. యాడ్స్ స్క్రీన్‌లో కనిపించే ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, 30,000 మీద 5,400. మీకు జీఎస్టీ నంబరు ఉంది కాబట్టి ఇది మీ అమ్మకాల పన్నులో తగ్గించుకోవచ్చు. కాస్త ఆలస్యంగానైనా తిరిగొచ్చే డబ్బు, ఖర్చు కింద రాయకూడదు. అయితే యాడ్స్ అకౌంట్‌లో పేమెంట్ సెట్టింగుల దగ్గర మీ నంబరు ఎక్కించి ఉంటేనే బిల్లు మీ నంబరు మీద వస్తుంది. ఎక్కించారో లేదో ఈరోజే చూడమని తమ్ముడికి చెప్పండి, పాత బిల్లుల సంగతి మీ ఆడిటర్‌ని అడగండి. ఎక్కించకపోతే మాత్రం ఆ 5,400 నిజంగానే మీ జేబులోంచి పోయినట్టు.

పన్ను దగ్గర ఎక్కువ కలిపినా, మీవారు పట్టుకున్న రెండో విషయం చాలా ముఖ్యమైనది. ఆయన 75 వదిలేసి 60తో భాగించారు. ఇంటికి చేరనిది అమ్మకం ఎలా అవుతుందన్నది ఆయన ప్రశ్న. జులైలో 15 పార్సిళ్లు వెనక్కి వచ్చాయి. మీ షీటులో అవన్నీ క్యాష్ ఆన్ డెలివరీవే. ఫోన్ ఎత్తలేదు, ఇంట్లో లేరు, వద్దన్నారు అని కొరియర్ వాళ్లు రాసిన కారణాలు కూడా మీరు పక్కన రాశారు. యాడ్స్ స్క్రీన్‌కి ఇదేమీ తెలియదు. వెబ్‌సైట్‌లో ఆర్డరు బటన్ నొక్కగానే దాని దృష్టిలో అమ్మకం అయిపోయినట్టే.

పైగా వెనక్కి వచ్చిన పార్సిల్ ఊరికే రాదు. వెళ్లేటప్పుడు 110, వచ్చేటప్పుడు 110, ప్యాకింగ్ 60, మొత్తం 280. పదిహేనింటికి 4,200. దారిలో లక్క గీరుకుపోయి తిరిగి అమ్మడానికి పనికిరాని బొమ్మలు ఉంటే అవి వేరే. ఈ 4,200ని మీరు కొరియర్ ఖాతాలో వేసుకున్నారు గానీ, అది కస్టమర్ కోసం చేసిన ప్రయత్నంలో పోయిన డబ్బు, యాడ్స్ ఖర్చు పక్కనే ఉండాలి. అప్పుడు మొత్తం 34,200 అయింది. దాన్ని 60తో భాగిస్తే 570.

ఆ 60 మందిలో ఫోన్ నంబర్లు సరిచూశాను. పది నంబర్లు పాతవి, మీ దగ్గర ఇంతకుముందే కొన్నవాళ్లు. వాళ్లు యాడ్ చూసి గుర్తొచ్చి కొన్నారో, ఎలాగూ కొనేవాళ్లకి యాడ్ అడ్డొచ్చిందో షీటు చూసి చెప్పలేం. ఆ స్క్రీన్ మామూలు అమరికలో, యాడ్ నొక్కిన ఏడు రోజుల్లోపు కొన్నా, నొక్కకుండా చూసిన ఒక్క రోజులోపు కొన్నా ఆ అమ్మకాన్ని యాడ్ ఖాతాలోనే వేసుకుంటుంది. మీ వాట్సాప్ మెసేజ్ చూసి కొనాలనుకున్న పాత కస్టమర్, ఆ మధ్యాహ్నమే ఇన్‌స్టాగ్రామ్‌లో మీ యాడ్ దాటుకుంటూ వెళ్లినా అది యాడ్ గొప్పే అవుతుంది. కాబట్టి కొత్తవాళ్లని మాత్రమే లెక్కేస్తే 34,200ని 50తో భాగించాలి, 684. మీ జులై నిజం 570కీ 684కీ మధ్య ఎక్కడో ఉంది. కొత్త కస్టమర్‌ని తెచ్చుకోవడానికి ఎంతవుతోంది అన్నది ప్రశ్న అయితే నేను 684 దగ్గరే నిలబడతాను. ఎక్కువ అనుకుని జాగ్రత్తపడితే మీకొచ్చే నష్టం తక్కువ.

ఇప్పుడు 684 ఎక్కువా తక్కువా? అది మీకు ఒక్కో ఆర్డరు మీద మిగిలేదాన్ని బట్టి ఉంటుంది. 1,200లో మీరు రాసిన ఖర్చులన్నీ, 740, తీసేస్తే మిగిలేది 460. మొదటి ఆర్డరు మీద 684 పెట్టి 460 తెచ్చుకుంటున్నారు, అంటే మనిషికి 224 లోటు. మీ తమ్ముడు ఉత్తరంలోని స్క్రీన్‌షాట్ మీద "30 వేలు పెడితే 90 వేల అమ్మకం, మూడింతలు" అని రాశాడు. మూడింతలు వినడానికి బాగుంటుంది. 1,200లో 460 మాత్రమే మిగిలే వ్యాపారంలో, పార్సిళ్లన్నీ చేరాయనుకున్నా, రెండున్నర ఇంతలు దాటితే గానీ అసలు రాదు. 15 వెనక్కి వచ్చాక ఆ 90 వేలు నిజానికి 72 వేలే.

కానీ కస్టమర్ ఒక్కసారే కొంటాడని ఎందుకనుకోవాలి అని అతను అడగొచ్చు, అది న్యాయమైన ప్రశ్న. దానికి కూడా మీ షీటులోనే జవాబుంది. పోయిన దసరా ముందు రెండు నెలల్లో మీ దగ్గర మొదటిసారి కొన్నవాళ్లు 40 మంది. వాళ్ల నుంచి ఈ జులై దాకా మళ్లీ వచ్చిన ఆర్డర్లు 10. పది ఆర్డర్ల మీద మిగిలిన 4,600ని 40 మందికి పంచితే తలా 115. మొదటి 460కి ఇది కలిపితే ఒక కొత్త కస్టమర్ ఏడాదిలో మీకు ఇచ్చేది 575. మీరు ఒక కస్టమర్ కోసం పెట్టగలిగిన గరిష్ఠం అదే. ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. ఆ 40 మందిలో చాలామంది వాట్సాప్ ద్వారా వచ్చిన తెలిసినవాళ్లు, యాడ్ చూసి వచ్చే కొత్తవాళ్లు అంతగా తిరిగి రాకపోవచ్చు. రెండోది, 684 ఈరోజే పోతుంది, 115 ఏడాది పొడవునా చిల్లరగా వస్తుంది. చీటీ డబ్బుతో నడుపుతున్నవాళ్లకి ఈ తేడా చిన్నది కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది బడ్జెట్ డబుల్ చేయడం అన్న మాట. దానికోసం జూన్‌ని కూడా తీశాను. జూన్‌లో మీరు పెట్టింది 18,000. లింకు నొక్కినవాళ్లు 2,160, అంటే క్లిక్కుకి 8 రూపాయల 33 పైసలు. 54 ఆర్డర్లు వచ్చాయి. 9 వెనక్కి వచ్చాయి, 7 పాతవాళ్లవి, కొత్త కస్టమర్లు 38. వెనక్కి వచ్చిన తొమ్మిదింటి ఖర్చు 2,520 కలిపితే 20,520, మనిషికి 540. మీ 575 గీతకి లోపలే ఉంది! జూన్‌లో మీరు నష్టపోలేదు, కాస్త మిగిలింది కూడా.

జులైలో ఏమైంది? కొనే శాతం మారలేదు, రెండు నెలలూ రెండున్నరే. క్లిక్కు ధర 8.33 నుంచి 10కి పెరిగింది, వెనక్కి వచ్చేవి కూడా కొంచెం పెరిగాయి. సగటున 540 కాస్తా 684 అయింది. కానీ సగటు అసలు సంగతిని దాచేస్తుంది. జూన్ కంటే జులైలో అదనంగా ఎంత పెట్టారు, అదనంగా ఎంతమంది వచ్చారు, అది విడిగా చూడండి. 34,200లోంచి 20,520 తీస్తే 13,680. కొత్త కస్టమర్లు 50లోంచి 38 తీస్తే 12 మంది. ఆ పన్నెండు మందిలో ఒక్కొక్కరికి పడింది 1,140 రూపాయలు. 575 ఇచ్చే మనిషి కోసం 1,140.

ఎందుకిలా అవుతుందంటే, యాడ్ యంత్రాంగం మీ బొమ్మలు కొనే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్లని ముందు వెతుకుతుంది. చిన్న బడ్జెట్‌లో వాళ్లే దొరుకుతారు. డబ్బు పెంచేకొద్దీ అంతగా ఆసక్తి లేనివాళ్లకీ చూపించాలి, ఇతర అమ్మకందారులతో పోటీపడి ఎక్కువ ధరకి చోటు కొనాలి, అదే మనిషికి మళ్లీమళ్లీ చూపించాలి. కాబట్టి 30 వేలకి 75 వస్తే 60 వేలకి 150 వస్తాయన్న లెక్క ఇక్కడ చెల్లదు. బడ్జెట్ పెంచాలా వద్దా అన్నప్పుడు చూడాల్సింది ఆ ఆఖరి వేల రూపాయలు ఎంతమందిని తెచ్చాయన్నదే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ 1,140 రాతి మీద చెక్కిన సంఖ్య కాదు. జులైలో ఆషాఢం వచ్చింది, పెళ్లిళ్లూ గృహప్రవేశాలూ ఉండవు, బహుమతులకి బొమ్మలు కొనేవాళ్లు తగ్గుతారు. దానికి తోడు మీ సంఖ్యలు చిన్నవి. నెలకి 75 ఆర్డర్లు వచ్చే చోట, ఏదీ మారకుండానే ఒక నెల 60 రావచ్చు, ఇంకో నెల 90 రావచ్చు. 60 వస్తే ఆర్డరు ఖర్చు 500, 90 వస్తే 333. వారానికి పద్దెనిమిది ఆర్డర్ల దగ్గర ఊగిసలాట ఇంకా ఎక్కువ. మీ తమ్ముడు మూడు నాలుగు రోజులకోసారి యాడ్ మారుస్తున్నాడని స్క్రీన్‌షాట్లలో తేదీలు చెబుతున్నాయి. మంగళవారం నాలుగు ఆర్డర్లు వస్తే ఆ బొమ్మ ఫొటో బాగుందని, గురువారం ఒక్కటే వస్తే పనిచేయట్లేదని తీర్మానిస్తున్నాడు. అందులో ఎక్కువ భాగం ఉత్త అదృష్టం. పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ ఆ యంత్రాంగం మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటుంది. అది కుదురుకోవడానికి వారంలో సుమారు 50 అమ్మకాలు కావాలి. మీకు పద్దెనిమిది వస్తున్నాయి, అందుకే అతని స్క్రీన్ మీద Learning limited అని ఉంది. నాలుగు రకాల యాడ్స్‌కి డబ్బు పంచకుండా ఒక్కదాంట్లోనే పెట్టి, కనీసం రెండు వారాలు చేయి పెట్టకుండా ఉంచితే మీకు నమ్మదగిన సంఖ్య వస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను, దేనికి ఏమవుతుందో కూడా.

మీవారు చెప్పినట్టు మొత్తం ఆపేయొచ్చు. జులై లెక్కన నెలకి పదకొండు వేల లోటు వెంటనే ఆగుతుంది, ఇంట్లో గొడవ కూడా కొన్నాళ్లు ఆగుతుంది. కానీ కొత్తవాళ్లు దాదాపు రారు, జూన్‌లాగా లాభంగా వస్తున్నవాళ్లని కూడా వదులుకుంటారు. ఆపాలనే అనిపిస్తే ఒకేసారి అంతటా ఆపొద్దు. మీ ఆర్డర్లు ఎక్కువగా హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు, విశాఖ నుంచి వస్తున్నాయి. విజయవాడ వైపు మాత్రం మూడు వారాలు యాడ్స్ తీసేసి, అక్కడి ఆర్డర్లు ఎంత పడ్డాయో మిగతా ఊళ్లతో పోల్చి చూడండి. యాడ్స్ లేకపోయినా సగం వస్తున్నాయనుకోండి, స్క్రీన్ చెప్పే అమ్మకాల్లో సగం ఎలాగూ వచ్చేవే. చిన్న సంఖ్యలతో ఇది కచ్చితంగా తేలదు, కానీ పాత కస్టమర్ల విషయంలో ఇప్పుడున్న అయోమయం కొంతైనా తగ్గుతుంది.

రెండో దారి, జూన్ బడ్జెట్‌కి, అంటే రోజుకి 600కి వెనక్కి వెళ్లి, వెనక్కి వచ్చే పార్సిళ్ల మీద పడటం. నాకు ఎక్కువ నచ్చేది ఇదే. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డరుకి 100 రూపాయలు ముందుగా యూపీఐలో కట్టమనండి, మిగతాది ఇంటి దగ్గర ఇవ్వొచ్చు. కొందరు వెళ్లిపోతారు, ఆర్డర్లు తగ్గుతాయి. జులై సంఖ్యల మీదే ఒక ఊహ వేసి చూద్దాం. 75కి బదులు 66 ఆర్డర్లు వచ్చాయి, 15కి బదులు నాలుగే వెనక్కి వచ్చాయి. చేరినవి 62, పాత పది తీస్తే కొత్తవాళ్లు 52. ఖర్చు 30,000, వెనక్కి వచ్చిన నాలుగింటికి 1,120. మనిషికి 598. ఇదే సమయంలో మీ తమ్ముడి స్క్రీన్ ఏం చూపిస్తుందో తెలుసా? 30,000ని 66తో భాగించి, ఆర్డరుకి 455 అంటుంది. నిన్నటిదాకా 400 ఉన్నది 455 అయింది, పాడైపోయింది అంటుంది. నిజానికి 684 నుంచి 598కి దిగింది. అందుకే ఈ మార్పు చేసే ముందే ఇంట్లో ముగ్గురూ ఏ సంఖ్యని నమ్మాలో అనుకోవాలి, లేకపోతే మొదటి వారంలోనే దాన్ని తీసేయాలన్న పట్టు వస్తుంది. 100 మరీ ఎక్కువ అనిపిస్తే, పంపేముందు ఫోన్ చేసి అడ్రసు ఖాయం చేసుకోవడంతో మొదలుపెట్టండి. ఫోన్ ఎత్తనివాళ్ల పార్సిల్ ఆ రోజు కట్టొద్దు.

మూడోది తమ్ముడి దారి, దసరా. అతని ఉత్సాహానికి ఆధారం లేకపోలేదు. బొమ్మల కొలువు పెట్టేవాళ్లు ఆ నెలలో బొమ్మల కోసమే వెతుకుతారు, కొనే శాతం పెరిగే అవకాశం ఉంది. కానీ పండగ ముందు ప్రతి చీరల షాపూ, ప్రతి ఫోన్ల కంపెనీ అదే చోటు కోసం డబ్బు పోస్తాయి, కాబట్టి క్లిక్కు ధర కూడా పెరుగుతుంది. క్లిక్కు 14 రూపాయలై, కొనే శాతం మూడున్నర అయితే ఆర్డరు ఖర్చు మళ్లీ అదే 400. శాతం ఒక్కటే పెరుగుతుందని లెక్కేసి 60 వేలు ఒకేసారి పెట్టడం చీటీ డబ్బుతో చేయాల్సిన పని కాదు. పెంచదలిస్తే రోజుకి 600 నుంచి 720, అక్కడ రెండు వారాలు. అదనంగా పెట్టినదాన్ని అదనంగా వచ్చిన కొత్తవాళ్లతో భాగించండి. మీ గీత లోపల ఉంటేనే ఇంకో మెట్టు.

ఆ గీతని జరపడం కూడా మీ చేతుల్లో ఉంది. విడి బొమ్మలకి బదులు కొలువు సెట్టుగా, దశావతారాలో పెళ్లి ఊరేగింపో కట్టి 2,000కి అమ్మారనుకోండి. మీరిచ్చిన నిష్పత్తిలో బొమ్మలకు 900, ప్యాకింగ్ 80, కొరియర్ 140, ఛార్జీలు 50 పోతే 830 మిగులుతుంది. అప్పుడు కస్టమర్‌కి 684 పడినా మొదటి ఆర్డరులోనే గట్టెక్కుతారు. ముందు చేసేవాళ్లతో మాట్లాడుకోండి. అంకుడు కర్ర ఆరడానికీ, లక్క పట్టడానికీ వాళ్లకి పట్టే సమయం పడుతుంది, యాడ్ వేశాక సరుకు లేదంటే క్లిక్కుల డబ్బు వృథా. ఇంకోటి, కొలువు పాడ్యమి నాడు మొదలవుతుంది. హైదరాబాద్, బెంగళూరు పార్సిళ్లకి పట్టే రోజులు, పైన రెండు మూడు రోజులు కలిపి వెనక్కి లెక్కేసుకుని, ఆ తేదీకి కొలువు యాడ్స్ ఆపేయండి. పాడ్యమి దాటాక తలుపు దగ్గరికి వచ్చిన కొలువు బొమ్మని తీసుకునేవాళ్లు తక్కువ. ఆ వారం వచ్చిన ఆర్డర్లు స్క్రీన్ మీద బ్రహ్మాండంగా కనిపించి, తర్వాత వారం మీ గుమ్మంలోకే వస్తాయి.

ఈ మూడింటిలో ఏది ఎంచుకోవాలో మీరు ముగ్గురూ తేల్చుకోవాలి. మీవారు కొన్నాళ్లు ఊపిరి తీసుకోనివ్వమంటే మొదటిదానికి ఒప్పుకోవడంలో తప్పేం లేదు, జూన్ సంఖ్యలు మీ షీటులో ఎప్పటికీ ఉంటాయి. రెండోది చేస్తూ దసరాకి ఒక మెట్టు ఎక్కడం కూడా కుదురుతుంది.

ఇంట్లో మాట విషయం. మీ తమ్ముడు యాడ్స్ స్క్రీన్ చూస్తాడు, మీవారు బ్యాంకు చూస్తారు, చేరిన పార్సిళ్లు మీరు చూస్తారు. మూడూ ఒక కాగితం మీదికి రాలేదు. ప్రతి సోమవారం మీ షీటులో ఐదు గడులు నింపండి: ఆ వారం యాడ్స్ ఖర్చు, జీఎస్టీ కాకుండా. లింకు నొక్కినవాళ్లు. వచ్చిన ఆర్డర్లు. చేరిన వాటిలో కొత్త నంబర్లు. వెనక్కి వచ్చినవి. మొదటి మూడూ తమ్ముడు చెప్పాలి, చివరి రెండూ మీరు చూసుకోవాలి, ఖర్చుని బ్యాంకుతో సరిచూసే పని మీవారికి ఇవ్వండి. ఆర్డరు పడిన పార్సిల్ చేరిందో తిరిగొచ్చిందో తేలడానికి పది పన్నెండు రోజులు పడుతుంది కాబట్టి, ఏ వారం లెక్కయినా రెండు వారాలు ఆగాకే కస్టమర్ ఖర్చు తీయండి. ఆ చర్చ భోజనాల దగ్గర వద్దు, సోమవారం సాయంత్రం టీ వేళకి పెట్టుకోండి.

తమ్ముడికి 240 తప్పని చెప్పే పని మీవారి నోటి నుంచి రానివ్వకండి. మీరే, అతనొక్కడూ ఉన్నప్పుడు, స్క్రీన్‌లో ఆ రెండు వరసలూ చూపించి "ఇది దేని శాతంరా?" అని అడగండి. తెలివైనవాడు, అతనే పట్టుకుంటాడు. అలాగే అతను ఇంతకాలం పైసా తీసుకోకుండా చేస్తున్నాడన్నది కూడా లెక్కే. బయటివాళ్లకి అప్పగిస్తే నెలకి ఫీజు ఉంటుంది, అది కూడా కస్టమర్ ఖర్చులోకే చేరుతుంది. 8,000 ఫీజు అనుకున్నా 50 మంది మీద తలా 160. అతను తప్పుకుంటే మీ 684 కాస్తా 844 అవుతుంది. ఈ సంగతి మీవారికి మీరు చెప్పండి, ఆయన లెక్క తెలిసిన మనిషి, అర్థం చేసుకుంటారు.

మూడు వారాలు గడిచి పార్సిళ్ల లెక్క తేలాక విజయవాడ సంఖ్యలు, ముందుగా 100 అడిగాక వెనక్కి వచ్చినవి ఎన్నో రాయండి. జీఎస్టీ నంబరు బిల్లుల మీద పడిందో లేదో కూడా.